పాస్‌వర్డ్‌ని ‘ఎన్‌క్రిప్ట్’ చేస్తామంటారా.. మరి తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఓ కంపెనీకి జూనియర్ డెవలపర్ ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. రెజ్యూమెలో మీరు రాసుకున్న ప్రాజెక్టులో లాగిన్ పేజీ ఉంటుంది. ‘యూజర్ ఇచ్చిన పాస్‌వర్డ్‌ని డేటాబేస్‌లో ఎలా దాచారు?’ అని అడుగుతారు. చాలామంది నోటి నుంచి తడుముకోకుండా వచ్చే జవాబు: ‘ఎన్‌క్రిప్ట్ చేసి దాచాం సార్’. ఇంకాస్త చదువుకున్నవాళ్లు ‘బీక్రిప్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాం’ అంటారు. అడిగిన పెద్దమనిషి కూడా ఒక్కోసారి తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

వెళ్లిపోకూడదన్నది నా అభిప్రాయం. ‘మాట ఏదైతేనేం, కోడ్ సరిగ్గానే ఉంది కదా’ అనేవాళ్లున్నారు. కానీ ఈ రెండు మాటల మధ్య తేడా తెలియనివాళ్లు రేపు కోడ్ మార్చాల్సి వచ్చినప్పుడు తప్పు వైపే మారుస్తారు. ఎన్‌క్రిప్షన్ అంటే తాళం వేసి దాచడం. తాళం ఉందంటే తాళంచెవి ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు పట్టుకుని ఉంటారు, వాళ్లు ఎప్పుడైనా తలుపు తీసి లోపలున్నది చూడొచ్చు. హ్యాష్ అంటే మరపట్టించడం. పిండి చేతికొస్తుంది, గింజ తిరిగి రాదు. దీనికి తాళంచెవి అనేదే లేదు. మీరు దాచిన పాస్‌వర్డ్‌ని మీ కంపెనీలో ఎవరైనా, సీటీవో అయినా సరే, మళ్లీ చదవగలరా? చదవగలిగితే అది ఎన్‌క్రిప్షన్. చదవలేకపోతే హ్యాష్. ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే.

దీనికి ఉదాహరణ కోసం ఊళ్లో చిన్న కంపెనీలను వెతకనక్కర్లేదు. మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో, ఆ తర్వాత ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకున్న శంతను నారాయణ్ 2007 చివర్లో అడోబీ సీఈవో అయ్యారు. ఆయన హయాంలోనే 2013 అక్టోబరులో ఆ సంస్థ తమ మీద సైబర్ దాడి జరిగిందని ప్రకటించింది. కొన్ని వారాలకు ఓ పెద్ద ఫైలు ఇంటర్నెట్‌లో తిరగడం మొదలైంది. అందులో సుమారు 15 కోట్ల ఖాతాల వివరాలున్నాయి: ఈమెయిల్, దాచిన పాస్‌వర్డ్, చాలా ఖాతాలకు పాస్‌వర్డ్ గుర్తుచేసే హింట్. పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లో లేవు. ట్రిపుల్ డీఈఎస్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నాయి. అంటే మన ఇంటర్వ్యూ జవాబులో ఉన్నది ఉన్నట్టుగా చేశారు.

ఆ ఫైల్లో కొన్ని విలువలు ఇలా కనిపించాయి:

```
EQ7fIpT7i/Q=
j9p+HwtWWT/ioxG6CatHBw==
j9p+HwtWWT86aMjgZFLzYg==
L8qbAD3jl3jioxG6CatHBw==
BB4e6X+b2xLioxG6CatHBw==
```

చూడ్డానికి గజిబిజి. కానీ మొదటి వరుసలో ఉన్న విలువ ఆ ఫైల్లో ఒకసారి కాదు, దాదాపు 19 లక్షల సార్లు కనిపించింది. అన్ని ఖాతాలకూ ఒకే కీ వాడారు. పైగా ఏ ఖాతాకూ వేరే ఏమీ కలపకుండా, ఎనిమిదేసి బైట్ల ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు విడివిడిగా తాళం వేశారు. దాంతో ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న 19 లక్షల మందికి ఒకే గజిబిజి వచ్చింది. ఇంతమంది పెట్టుకునే పాస్‌వర్డ్ ఏదై ఉంటుందో ఊహించడానికి గణితం అక్కర్లేదు. అయినా అనుమానం ఉంటే పక్కనే హింట్లు ఉన్నాయి. ఒకరు హింట్ జాగ్రత్తగా రాసుకున్నా, అదే పాస్‌వర్డ్ ఉన్న మరొకరు ఏకంగా పాస్‌వర్డ్‌నే హింట్‌గా రాసేశారు. అది `123456`.

ఇక రెండో, మూడో వరుసలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ `j9p+HwtWWT` అనే మొదలవుతున్నాయి. మొదటి ఎనిమిది అక్షరాలు ఒకటే కాబట్టి అలా వచ్చింది. ఒకటి `12345678`, రెండోది `123456789`. రెండో, నాలుగో, ఐదో వరుసల తోకలు చూడండి, మూడింటికీ `ioxG6CatHBw==`. అది ఖాళీగా మిగిలిపోయిన రెండో ముక్కకు తాళం వేస్తే వచ్చేది. ఆ తోక కనిపించిందంటే ఆ పాస్‌వర్డ్ సరిగ్గా ఎనిమిది అక్షరాలని అర్థం. నాలుగోది `password`, ఐదోది `adobe123`. ఇదంతా తాళంచెవి దొరక్కుండానే బయటపడింది. పరిశీలించినవాళ్లకు దాని అవసరమే రాలేదు.

ఇక్కడ కాస్త తెలిసినవాళ్లు అడ్డుపడతారు. ‘అది ఎన్‌క్రిప్షన్ తప్పు కాదు, దాన్ని చేతకాకుండా వాడటం తప్పు. ఏఈఎస్ తీసుకుని, ప్రతి ఖాతాకూ వేరే యాదృచ్ఛిక విలువ కలిపితే ఒకే పాస్‌వర్డ్‌కి ఒకే గజిబిజి రాదు కదా’ అంటారు. నిజమే, రాదు. పై పజిల్ అంతా మాయమవుతుంది. కానీ కీ మాత్రం ఉంటుంది. లాగిన్ అయ్యే ప్రతిసారీ దాంతో పని పడుతుంది కాబట్టి అది సర్వర్‌కి అందుబాటులోనే ఉండాలి. డేటాబేస్ దాకా వచ్చిన దొంగ సర్వర్ దాకా కూడా వస్తే కీ చిక్కుతుంది. అప్పుడు `123456` పెట్టుకున్న బద్ధకస్తుడూ, ఇరవై అక్షరాల పాస్‌వర్డ్ కష్టపడి గుర్తుపెట్టుకున్న జాగ్రత్తపరుడూ ఒకే క్షణంలో బయటపడతారు. హ్యాష్ అయితే మంచి పాస్‌వర్డ్ పెట్టుకున్నవాడికి ఆ మంచితనం పనికొస్తుంది. ఎన్‌క్రిప్షన్‌లో ఆ తేడా ఉండదు. నన్నడిగితే రెంటి మధ్య అసలు తేడా ఇదే.

సరే, గింజ తిరిగి రాకపోతే లాగిన్ ఎలా కుదురుతుంది? చాలామంది ఇక్కడే తడబడతారు. సర్వర్‌కి మీ పాస్‌వర్డ్ గుర్తుండాల్సిన పనిలేదు. మీరిప్పుడు టైప్ చేసింది అప్పుడు ఇచ్చిందేనా అన్నది తెలిస్తే చాలు. ఖాతా తెరిచిన రోజు మీ పాస్‌వర్డ్‌ని మరపట్టించి పిండి దాచుకుంటుంది. ఇవాళ మీరు టైప్ చేసినదాన్ని మళ్లీ అదే మరలో వేస్తుంది. రెండు పిండులూ ఒకటైతే లోపలికి రానిస్తుంది. వెనక్కి తిప్పడం ఎక్కడా లేదు.

కానీ ఒట్టి మర ఒక్కటే చాలదు. ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1 లాంటి మామూలు హ్యాష్‌లో కూడా ఒకే పాస్‌వర్డ్‌కి ఒకే ఫలితం వస్తుంది. అడోబీ ఫైల్లో 19 లక్షల సార్లు ఒకే విలువ కనిపించిన రోగం ఇక్కడా ఉంటుంది. 2012లో లింక్డ్ఇన్ నుంచి బయటికొచ్చిన లక్షల హ్యాష్‌లు ఇలాంటివే. ఉప్పు వేయని ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్‌లు. ఉప్పు, అంటే సాల్ట్, ఈ రోగానికి మందు. ప్రతి ఖాతాకూ కంప్యూటర్ ఒక కొత్త యాదృచ్ఛిక విలువను పుట్టించి, పాస్‌వర్డ్‌తో కలిపి మరలో వేస్తుంది. ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న ఇద్దరికీ వేర్వేరు పిండి వస్తుంది. ముందే కోట్ల పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు లెక్కకట్టి పట్టిక తయారుచేసి పెట్టుకున్న దొంగకి ఆ పట్టిక ఇక పనికిరాదు. ఒక్కో ఖాతా మీదా మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఈ సాల్ట్ రహస్యం కాదు. ఇది అర్థం కాని పిల్లలు ‘సాల్ట్‌ని వేరే ఫైల్లో భద్రంగా దాచాలి’ అని చెబుతుంటారు. తాళంచెవి ఆలోచన ఇంకా వదల్లేదన్నమాట. బీక్రిప్ట్ తయారుచేసిన ఒక విలువ చూడండి:

```
$2a$12$R9h/cIPz0gi.URNNX3kh2OPST9/PgBkqquzi.Ss7KIUgO2t0jWMUW
```

మొదటి `2a` పద్ధతి పేరు. `12` అంటే ఎంత నెమ్మదిగా తిప్పాలో చెప్పే అంకె. ఆ తర్వాతి 22 అక్షరాలు సాల్ట్, `2O` దాకా. మిగిలిన 31 అక్షరాలు అసలు ఫలితం. సాల్ట్ బాహాటంగా అదే వరుసలో కూర్చుని ఉంది. దొంగ చూసినా ఫరవాలేదు, దాని పని ప్రతి ఖాతానూ పక్క ఖాతాతో పోలకుండా చేయడం వరకే. ఈ వరుసను మీరు ముక్కలు చేసి వేర్వేరు కాలమ్‌లలో పెట్టాల్సిన పని కూడా లేదు. మొత్తం 60 అక్షరాలు ఒకే కాలమ్‌లో పెట్టేయండి, సరిచూసేటప్పుడు లైబ్రరీనే విడదీసుకుంటుంది. పైథాన్‌లో అయితే ఇంతే:

```python
h = bcrypt.hashpw(pw, bcrypt.gensalt(rounds=12))
bcrypt.checkpw(pw, h)
```

మొదటిది ఖాతా తెరిచినప్పుడు, రెండోది లాగిన్‌లో. మూడో ఫంక్షన్ కోసం వెతకండి. పాస్‌వర్డ్‌ని తిరిగిచ్చేది ఏదీ దొరకదు.

‘మరి పేరులోనే క్రిప్ట్ ఉంది కదా?’ న్యాయమైన ప్రశ్న. బీక్రిప్ట్‌ని 1999లో నీల్స్ ప్రొవోస్, డేవిడ్ మాజియర్స్ అనే ఇద్దరు తయారుచేశారు. దాని కడుపులో బ్లోఫిష్ అనే నిజమైన ఎన్‌క్రిప్షన్ పద్ధతే ఉంది. కానీ తాళం వేసేది పాస్‌వర్డ్‌కి కాదు. పాస్‌వర్డ్, సాల్ట్ కలిపి నెమ్మదిగా ఒక తాళంచెవి తయారుచేస్తారు. ఆ చెవితో అందరికీ తెలిసిన ఒక మాటకు, `OrpheanBeholderScryDoubt` అనేదానికి, 64 సార్లు తాళం వేస్తారు. వచ్చిన గజిబిజిని దాచి, చెవిని పారేస్తారు. పెట్టెలో ఉన్న మాట లోకమంతటికీ తెలుసు, తెలియనిది చెవి ఒక్కటే. అంటే ఇక్కడ పాస్‌వర్డ్ దాచిపెట్టిన వస్తువు కాదు, తాళంచెవిని తయారుచేసిన ముడిసరుకు. ఇంటర్వ్యూలో ఎవరైనా ఈ పేరు పట్టుకుని ఇరికించాలని చూస్తే ఈ ఒక్క ముక్క చెప్పండి.

ఇక నెమ్మది సంగతి. ఉప్పు వేసినా దొంగ ఒక్కో ఖాతాకూ ఊహలు కట్టుకుంటూ పోవచ్చు. ఇవాళ్టి ఖరీదైన గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే ఎండీ5ని సెకనుకు పదివేల కోట్ల సార్లకు పైగా లెక్కకట్టగలదు. మనవాళ్లు చాలామంది సొంత మొబైల్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటారు. పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు, అంటే మొత్తం 400 కోట్ల అవకాశాలు. సాల్ట్ ఉన్న ఎండీ5 అయినా సరే, ఆ కార్డుకి రెప్పపాటు పని. అదే బీక్రిప్ట్‌ని 12 మీద పెడితే ఆ కార్డు సెకనుకు సుమారు 1,400 ఊహలు మాత్రమే సరిచూడగలదు. 400 కోట్లకు నెలకు పైనే పడుతుంది, అదీ ఒక్క మనిషికి. పక్క ఖాతాకి మళ్లీ నెల. అసలు ఖాతాదారు ఫోన్ నంబరు ఆ డేటాబేస్‌లోనే పక్క కాలమ్‌లో ఉంటే దొంగ ముందు దాన్నే ప్రయత్నిస్తాడనుకోండి, అది వేరే విషయం.

వేరే విషయం అన్నాను గానీ, నెమ్మది హ్యాష్‌కి ఉన్న హద్దు అదే. `Hyderabad@123` లాంటివి దొంగల జాబితాల్లో ఉంటాయి. ఎక్కువమంది వాడే లక్ష పాస్‌వర్డ్‌ల జాబితా తీసుకుంటే, సెకనుకు 1,400 చొప్పున ఒక ఖాతా మీద మొత్తం ప్రయత్నించడానికి 71 సెకన్లు చాలు. బలహీనమైన పాస్‌వర్డ్‌ని ఏ హ్యాష్ అయినా కాపాడలేదు. కాకపోతే లక్ష ఖాతాలున్న ఫైలు మీద ఇదే పని చేయడానికి ఒక కార్డుతో 80 రోజులు దాటుతుంది. ఆ లోపు మీరు సంగతి కనిపెట్టి, అందరి పాస్‌వర్డ్‌లూ మార్పించొచ్చు. నెమ్మది హ్యాష్ మీకు ఇచ్చేది ఆ సమయం.

ఆ నెమ్మది మీకూ ఖర్చే. 12 మీద ఒక లాగిన్‌కి మామూలు సర్వర్‌లో పావు సెకను పడుతుందనుకుంటే, ఎనిమిది కోర్ల సర్వర్ సెకనుకు 32 లాగిన్లే చేయగలదు. కౌన్సెలింగ్ సైటు తెరిచిన నిమిషంలో పదివేల మంది ఒక్కసారి వచ్చిపడితే సెకనుకు 160 దాటుతుంది. సైటు ఆగిపోతుంది. అప్పుడు ‘ఈ బీక్రిప్ట్ వల్లే స్లో అయింది, తీసేయండి’ అని మేనేజర్ అంటాడు. హ్యాష్ ఎందుకు నెమ్మదిగా ఉందో తెలియని కుర్రాడు తీసేస్తాడు కూడా. తెలిసినవాడు అంకెని 12 నుంచి 10కి దించుతాడు. ఆ అంకె ఒకటి తగ్గితే పని సగమవుతుంది, రెండు తగ్గితే నాలుగో వంతు. సెకనుకు 128 లాగిన్లు వస్తాయి, పక్కన ఇంకో సర్వర్ పెడితే సరిపోతుంది. 10 కంటే కిందికి మాత్రం దించొద్దని వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ సూచన.

మీ ప్రాజెక్టులో ఏం జరుగుతోందో పది నిమిషాల్లో చూసుకోవచ్చు. రెండు ఖాతాలు తెరిచి రెండింటికీ ఒకే పాస్‌వర్డ్ ఇవ్వండి. డేటాబేస్‌లో రెండు విలువలూ ఒకేలా ఉంటే సాల్ట్ లేదు. తర్వాత కోడ్ మొత్తంలో `decrypt` అని వెతకండి. అది పాస్‌వర్డ్ దగ్గర కనిపిస్తే మీది ఎన్‌క్రిప్షన్. ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కితే కొత్తది పెట్టుకోమని లింకు రాకుండా మీ పాత పాస్‌వర్డే మెయిల్‌లో వచ్చిందా? ఇక కోడ్ చూడనక్కర్లేదు. ఇవన్నీ బాగున్నా సర్వర్ లాగ్ ఫైళ్లు ఒకసారి తెరవండి. 2018 మేలో ట్విటర్ తన యూజర్లందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమంది. వాళ్లు వాడింది బీక్రిప్టే, కానీ హ్యాష్ చేయకముందే పాస్‌వర్డ్ ఒక అంతర్గత లాగ్‌లోకి మామూలు అక్షరాల్లో వెళ్లిపోతోంది.

అలాగని ఎన్‌క్రిప్షన్‌ని చులకన చేయకండి. మీ యాప్ ఎస్సెమ్మెస్‌లు పంపడానికి బయటి కంపెనీ గేట్‌వేలోకి లాగిన్ అవ్వాలి. ఆ పాస్‌వర్డ్‌ని మీరే అవతలివాళ్లకు ఇవ్వాలి కాబట్టి తిరిగి చదవగలగాలి. దాన్ని హ్యాష్ చేస్తే మీకే పనికిరాకుండా పోతుంది, ఎన్‌క్రిప్ట్ చేయాల్సిందే. ఎవరో మీకు చూపించే పాస్‌వర్డ్‌కి హ్యాష్, మీరు ఎవరికో చూపించాల్సినదానికి ఎన్‌క్రిప్షన్.

అడోబీ కథలో ఇంకో ముక్క మిగిలింది. దాడి బయటపడ్డాక ఆ సంస్థ ఇచ్చిన వివరణ ప్రకారం, ఏడాదికి పైగా వాళ్ల అసలు లాగిన్ వ్యవస్థ సరైన దారిలోనే ఉంది. ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్, సాల్ట్, వెయ్యికి పైగా తిప్పులు. (వెయ్యి తిప్పులు ఇవాళ్టి లెక్కలో మరీ తక్కువ. ఇదే తరహా పీబీకేడీఎఫ్2 పద్ధతికి ఓవాస్ప్ ఇప్పుడు 6 లక్షలు సూచిస్తోంది.) దొంగలు చేరింది అక్కడికి కాదు. తీసేద్దామని పక్కనపెట్టిన ఒక పాత బ్యాకప్ వ్యవస్థ ఉంది, ట్రిపుల్ డీఈఎస్ ఉన్నది దాంట్లోనే. కొత్త ఇంటికి మంచి తలుపు పెట్టుకున్నారు, పాత ఇంట్లో సామాను అలాగే ఉంది.

అందుకే మీ కంపెనీలో పాస్‌వర్డ్‌లను ఎన్‌క్రిప్షన్ నుంచి హ్యాష్‌కి మార్చే పని మీకు అప్పగిస్తే, కోడ్ మార్చడం అందులో చిన్న భాగం. ఎన్‌క్రిప్షన్ నుంచి మారడంలో ఒక సౌకర్యం కూడా ఉంది: అందరూ లాగిన్ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. కీ ఉంది కాబట్టి ఒక రాత్రి కూర్చుని అన్నీ విప్పి, ఒక్కొక్కటీ బీక్రిప్ట్‌లో వేసేయొచ్చు. పావు సెకను చొప్పున లక్ష ఖాతాలకు ఒక కోర్ మీద ఏడు గంటలు. తెల్లారాక పాత కాలమ్ తీసేయండి. టెస్టింగ్ కోసం ఎవరో కాపీ చేసుకున్న డేటాబేస్, పోయిన నెల బ్యాకప్, రిపోర్టుల టీమ్ దగ్గరున్న ఎక్సెల్ ఎక్కడెక్కడున్నాయో అడిగి రాసుకోండి. వాటిని చెరిపేశాక చివరగా కీని చెరపండి. పొరపాటున ఏదైనా పాత కాపీ మిగిలినా, కీ పోయాక దాన్ని విప్పే మార్గం ఉండదు. ఒకేలాంటి విలువలను లెక్కపెట్టే పాత పజిల్ మాత్రం అందులో ఇంకా మిగిలే ఉంటుంది.